జగడం దగ్గర మొదలై పీటల దాకా

నవల చేతికి రాగానే ముందు చివరి పేజీ తిప్పి చూసుకునే పాఠకులు మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉన్నారు. అద్దె పుస్తకాల షాపుల కాలంలో ఇది మరీ మామూలు. నాయికా నాయకులు కలిశారా లేదా అని అక్కడే నిలబడి చూసుకుని, కలిశారని తేలాకే రోజుకింతని అద్దె కట్టి పుస్తకం ఇంటికి తీసుకెళ్లేవాళ్లు. కథంతా తెలిసిపోయాక ఇంకేం చదువుతారని మగవాళ్లు నవ్వేవాళ్లు. వాళ్లకు అందని సంగతి ఒకటుంది. ముగింపు తెలుసుకున్న పాఠకురాలు కథను వదిలేయడం లేదు. 'ఏమవుతుంది' అన్న ఆరాటాన్ని పక్కన పెట్టి, 'ఎలా అవుతుంది' అన్న దాని మీదికి మనసు మళ్లిస్తోంది.

ఈ అలవాటు మనకు నవలలతో వచ్చింది కాదు. పెనుకొండనే తీసుకోండి. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని అక్కడికి మారింది. ఆ రాజ్యాన్ని నిలబెట్టిన తిరుమల దేవరాయలకే భట్టుమూర్తి తన 'వసుచరిత్ర'ను అంకితమిచ్చాడు. వసురాజు, గిరిక ప్రేమించుకుని పెళ్లాడిన కథ అది. మహాభారతం ఆదిపర్వంలో చిన్న ఉపాఖ్యానం. ఆ సభలో కావ్యం విన్నవాళ్లలో పెళ్లవుతుందో లేదో అని ఎదురుచూసినవాళ్లు ఎవరూ ఉండి ఉండరు. కవి ఆ కాస్త కథను ఆరు ఆశ్వాసాలకు పెంచి, చూపులు కలవడం నుంచి పెళ్లి దాకా ఉన్న దూరాన్నంతా వర్ణనతో, విరహంతో నింపాడు. ఆ దూరమే కావ్యం. మన అలంకారికులు విప్రలంభ శృంగారంలో పూర్వరాగం, మానం, ప్రవాసం అని భేదాలు చెప్పారు. ప్రేమికుల మధ్య ఎడం ఎన్ని రకాలుగా రావచ్చో వేసిన లెక్క అది. నేటి ప్రేమ నవలల్లో పదే పదే కనిపించే కథా మలుపులకు మన దగ్గర పాత పట్టిక ఉన్నట్టే.

అయితే ఆ మానం అప్పటికే ఒకటైన జంటలో వచ్చేది. నంది తిమ్మన సత్యభామ అలిగింది తన మొగుడి మీద. ఒకరంటే ఒకరికి పడని ఇద్దరు పరాయివాళ్లు జగడమాడుతూ జగడమాడుతూ ప్రేమలో పడటం వేరే సంగతి. తెలుగులో దానికి ఒక పెద్ద అడ్డంకి ఉండేది. జగడమాడాలంటే ఇద్దరూ ఒకచోట ఉండాలి. పెళ్లికాని పిల్ల, పరాయి కుర్రవాడు నాలుగు రోజులు ఒకచోట కూర్చుని వాదించుకోవడానికి మన ఇళ్లలో వీలెక్కడిది? తెలుగు రచయిత పనితనం సగం ఇక్కడే తేలిపోతుంది. ఆ ఇద్దరినీ ఒకచోట ఉంచడానికి నలుగురూ ఒప్పుకునే సాకు ఒకటి కుదరాలి.

అన్నిటికన్నా తేలికైన సాకు మేనరికం. బావామరదళ్లు ఒకరినొకరు ఎంత దెప్పుకున్నా ఇంట్లో ఎవరూ తప్పుపట్టరు. పైగా ఆ దెప్పుళ్ల వెనక పెళ్లి మాట ముందే పొంచి ఉంటుంది. యద్దనపూడి సులోచనారాణి 'మీనా'లో పట్నంలో గారాబంగా, కట్టడిగా పెరిగిన అమ్మాయిని పల్లెకు పంపింది అందుకే. రెండో సాకు ఉద్యోగం. మూడోది అన్నిటికన్నా సాహసమైనది, ఉత్తుత్తి పెళ్లి. ఆ మూడోదాన్ని ఎలా నడపాలో చూడాలంటే నవల వదిలి కాసేపు సినిమాకు వెళ్లాలి. ఎందుకంటే దాన్ని 'మిస్సమ్మ' కన్నా శుభ్రంగా నడిపిన తెలుగు కథ నాకు తెలియదు.

1955లో విజయావారు తీసిన ఆ చిత్రానికి రచన చక్రపాణిది, దర్శకత్వం ఎల్వీ ప్రసాద్‌ది. మూలం ఒక బెంగాలీ కథ. ఎం.టి. రావు, మేరీ ఇద్దరూ చదువుకుని ఉద్యోగం లేనివాళ్లు. ఒక పల్లెలో జమీందారు నడిపే బడికి భార్యాభర్తలైన పట్టభద్రులే పంతుళ్లుగా కావాలంటారు. మేరీ ఇంటికి అప్పిచ్చిన డేవిడ్ బాకీ తీర్చమంటాడు, లేదా తనను పెళ్లాడమంటాడు. వేరే దారి లేక ఆమె రావుతో దొంగ కాపురానికి ఒప్పుకుంటుంది. అతను హిందువు, ఆమె క్రైస్తవురాలు. జమీందారు దంపతులు చూపించే ఆప్యాయత, బొట్టూ కాటుకల మర్యాదలు ఆమెకు ఊపిరాడనివ్వవు. కోపమంతా రావు మీద చూపిస్తుంది.

ఇందులో అల్లిక గమనించండి. ఆమె కోపానికి న్యాయమైన కారణం ఉంది. తన మతాన్ని దాచుకుని, అబద్ధంలో బతకాల్సి రావడం చిన్న బాధ కాదు. అతను చెడ్డవాడు కాదు, ఆమె గయ్యాళి కాదు. ఇద్దరూ వెళ్లిపోలేరు, ఎందుకంటే ఇద్దరికీ జీతం కావాలి. అంటే జగడం వాళ్ల బుద్ధిలోంచి పుట్టలేదు, వాళ్లు ఉన్న పరిస్థితిలోంచి పుట్టింది. పరిస్థితి మారితే జగడం తీరుతుందని ప్రేక్షకుడికి మొదటి నుంచీ నమ్మకం. జమీందారుకు చిన్నప్పుడే తప్పిపోయిన కూతురు ఉందనీ, ఆమెకు కాలి మీద పుట్టుమచ్చ ఉందనీ కథ దాచదు. మేరీయే ఆ కూతురని మనం చాలా ముందే పసిగడతాం. రచయిత కోరుకున్నదీ అదే. మనకు తెలిసినది ఆ పాత్రలకు తెలియకపోవడంలోనే ప్రతి సన్నివేశానికీ రుచి వస్తుంది.

ఇక మలుపు. విరోధం ప్రేమగా మారిందని పాత్ర నోటితో చెప్పిస్తే పాఠకుడు నమ్మడు. రావు జమీందారు చిన్న కూతురు సీతకు సంగీతం చెప్పడం మొదలుపెట్టగానే మేరీకి మనసు కలుక్కుమంటుంది. అతనంటే లెక్కలేదన్న మనిషికి అతను ఎవరికి పాట నేర్పితే ఏం? తన ఈర్ష్యను చూసి తానే తెల్లబోయే ఆ ఘట్టంతో మార్పు రుజువవుతుంది. మాటలేమో పాత దారిలోనే పోతుంటాయి, మనసు మాత్రం దారి మార్చుకుంది. ఈ రెండింటి మధ్య ఎడాన్ని ఎంతసేపు నిలపగలిగితే కథ అంత రుచిగా ఉంటుంది.

ఈ మార్పును కాగితం మీద పకడ్బందీగా చేసి చూపించింది జేన్ ఆస్టిన్. 1813లో వచ్చిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో మొత్తం 61 అధ్యాయాలు. డార్సీ తన ప్రేమను 34వ అధ్యాయంలో, అంటే నవల సగం దాటాక కాసేపటికే చెప్పేస్తాడు. అదీ ఎలిజబెత్ కుటుంబాన్ని తక్కువ చేస్తూ. ఆమె మొహం మీదే కాదంటుంది, కారణాలు కూడా చెబుతుంది. 35లో అతని ఉత్తరం వస్తుంది. అక్కడినుంచి అసలు పని మొదలవుతుంది. ఆమె తన తొందరపాటును తూచుకోవాలి, అతను తన అహంకారాన్ని దించుకోవాలి. రెండో సగమంతా ఆ దిద్దుబాటే. చివర్లో ఆమె చెల్లెలి పరువు కాపాడటానికి అతను ఎవరికీ చెప్పకుండా డబ్బు కడతాడు. నాకు ఈ 'చెప్పకుండా' అన్నదే కీలకం. మెప్పు కోసం చేస్తే అది మార్పు కాదు.

మళ్లీ మన దగ్గరికి వద్దాం. 1960లలో యద్దనపూడి 'సెక్రటరీ' ధారావాహికగా వస్తున్నప్పుడు తెలుగిళ్లలో పత్రిక కోసం ఆడవాళ్లు ఎదురుచూశారు. బామ్మతో బతుకుతున్న జయంతికి ఉద్యోగం అవసరం. రాజశేఖరం డబ్బున్నవాడు, అందగాడు, చుట్టూ ఆడవాళ్లు మూగే మనిషి. అతనంటే ఆమెకు అనుమానం, దాని వెనక తన గౌరవం పోతుందేమోనన్న భయం. ఇద్దరూ కలుస్తారని చదివేవాళ్లకు తెలుసు. అయినా అప్పటి పాఠకురాలికి అందులో కొత్తగా దొరికింది, జీతం ఇచ్చే మగవాడి ముందు తలవంచని అమ్మాయి. ఉద్యోగానికి వెళ్లే ఆడపిల్లను ఊరు వింతగా చూసే రోజులవి. అంత డబ్బున్న మనిషి ఆమె అభిమానాన్ని గుర్తించి దిగి రావాలి, అప్పుడే పెళ్లి. ముగింపు ముందే ఖాయమైంది కాబట్టే, మధ్యలో ఆమె ఎంత ధైర్యంగా 'కాదు' అన్నా పాఠకురాలు భయపడకుండా ఆమె పక్షాన నిలబడగలిగింది. ఆ నవల 1976లో సినిమాగా కూడా వచ్చింది.

ముందే తెలిసిన కథ రుచి తగ్గదా అన్న ప్రశ్నను మనస్తత్వ శాస్త్రజ్ఞులు కూడా వేసుకున్నారు. 2011లో లీవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు కాలిఫోర్నియాలో కొందరికి చిన్న కథలిచ్చి, కొన్నిటి ముగింపు ముందే చెప్పేశారు. ముగింపు తెలిసిన కథలనే పాఠకులు సగటున ఎక్కువ మెచ్చారు. తర్వాత ఇంకొందరు చేసిన పరీక్షల్లో ఫలితం తిరగబడింది కూడా. కాబట్టి దాన్ని సూత్రంగా పట్టుకోలేం. నాకు ఎక్కువ నమ్మకం కలిగించింది జానిస్ రాడ్వే 1984 పుస్తకం. అమెరికాలో ఒక ఊరి ప్రేమ నవలల పాఠకురాళ్లతో ఆమె కూర్చుని మాట్లాడారు. వాళ్లలోనూ కొనేముందు చివరి పేజీలు చూసుకునేవాళ్లు ఉన్నారు. ఇంటి పనుల మధ్య తమకంటూ దొరికే కాస్త సమయం అది, దాన్ని విషాదానికి ఖర్చుపెట్టడం వాళ్లకు ఇష్టం లేదు. హిందూపురంలో అయినా అంతే. పొద్దుటినుంచి ఇంటెడు చాకిరీ చేసి, మధ్యాహ్నం అందరూ పడుకున్నాక గంటసేపు చదువుకునే మనిషి ఆ గంటకు హామీ అడగడంలో తప్పేముంది?

అదే పాఠకురాళ్లు రాడ్వేతో ఇంకో మాట గట్టిగా చెప్పారు. నాయికను బాధించి ఆనందించే నాయకుడు వాళ్లకు అక్కర్లేదు. ఈ బాణీ చెడేది సరిగ్గా ఇక్కడే. విరోధం అంటే ఇద్దరూ సమానంగా మాట విసురుకోవడం. ఒకరు కొట్టడం, ఇంకొకరు పడటం విరోధం కాదు, హింస. మన నవలల్లో, సినిమాల్లో చెంపదెబ్బను ప్రేమ అని అమ్మినవి తక్కువేం లేవు. ఏది ఏదో తెలుసుకోవడం కష్టం కాదు. కథలో ఆమె వెళ్లిపోదలిస్తే వెళ్లగలదా అని చూడండి. ఎలిజబెత్ కాదనగలిగింది. మేరీ కోప్పడినప్పుడల్లా రావు సర్దుకుపోయాడు. తర్వాత క్షమాపణ వెతకండి. అతను ఏ తప్పు చేశాడో దానికే విడిగా చెప్పాడా, లేక పెళ్లి పందిట్లో అన్నీ కొట్టుకుపోయాయా?

రెండో జబ్బు అపార్థం. ఒక్క మాట అడిగితే తీరిపోయే అనుమానాన్ని వంద పేజీలు సాగదీస్తే, పాఠకురాలికి కోపం వచ్చేది పాత్రల మీద కాదు, రచయిత మీద. అపార్థం నిలబడాలంటే అడగలేకపోవడానికి బలమైన కారణం ఉండాలి. మేరీ అడిగితే ఉద్యోగం పోతుంది. జయంతి అడిగితే అభిమానం పోతుంది.

ఇప్పుడీ కథలు ఎక్కువగా ఫోన్‌లోకి వెళ్లాయి. ప్రతిలిపిలో తెలుగు ధారావాహికలు తెరిచి చూస్తే ఒప్పంద పెళ్లిళ్లు, కోపిష్టి యజమానులు, చిన్నప్పటి పగలు, బావామరదళ్లు అన్నీ కనిపిస్తాయి. పాత సాకులే, కొత్త ఇళ్లలో. చిక్కల్లా భాగాల సంఖ్యతోనే. ధారావాహిక ఎంత పొడుగైతే అంతమంది వెంట ఉంటారన్న లెక్కలో పడి, ఎప్పుడో ముగియాల్సిన జగడానికి కొత్త విలన్‌ను, ప్రమాదాన్ని, జ్ఞాపకశక్తి పోవడాన్ని తెచ్చి అతికిస్తారు. అక్కడ జగడం ఆ ఇద్దరిది కాకుండా పోతుంది. ముగింపు తెలిసినా ఓపిగ్గా చదివిన మనిషి సరిగ్గా ఆ భాగం దగ్గరే ఆపేసి, ఇంకో కథ తెరుస్తుంది.