నీడ లేని బొమ్మలు

1941లో బొంబాయిలో ఐదుగురు కుర్ర చిత్రకారులు ఒక జట్టుగా ఏర్పడ్డారు. వాళ్లకు ‘యంగ్ టర్క్స్’ అని పేరొచ్చింది. అందులో ముందు నిలిచినవాడు పాకాల తిరుమల్ రెడ్డి. మనకు పి.టి. రెడ్డిగా తెలుసు. 1915లో కరీంనగర్ జిల్లాలో పుట్టాడు. సిరిసిల్ల అప్పుడు ఆ జిల్లాలోని ఊరే.

ఆయన చదివిన జె.జె. స్కూలు బ్రిటిషు ప్రభుత్వం నడిపినది. అక్కడ చాలాకాలం మనిషిని ఎదురుగా నిలబెట్టి, వెలుగు ఎటు పడుతోందో చూసి, నీడతో ఒంటికి గుండ్రదనం తెప్పించడమే చదువు. 1930ల చివర్లో డైరెక్టరుగా ఉన్న చార్లెస్ జెరార్డ్ కొత్త పారిస్ పద్ధతులకు తలుపు తీశాడు. నీడ తగ్గించి రంగును పలకలుగా పరచడం, గీతను దాచకుండా లావుగా వదిలేయడం పిల్లలకు అలా అలవడ్డాయి. పాలకుల చదువును ధిక్కరించే ఆయుధం కూడా పాలకుల బడిలోనే దొరికిందన్నమాట!

అయితే నీడ లేని బొమ్మ మన ప్రాంతానికి కొత్త కాదు. సిరిసిల్ల లాంటి నేత ఊళ్లలో పద్మశాలీలకు కూనపులివాళ్లు పటం విప్పి మార్కండేయ పురాణం చెప్పేవారు. ఆ పటాలు రాసేది నకాషీలు. ముందు ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూత మీద పూత వేస్తారు. ఆరాక కుంచెతో నేరుగా బొమ్మలు గీసి, వెనుక భాగమంతా ఎరుపుతో నింపి, ఒళ్లకూ బట్టలకూ రంగులద్ది, చివర నల్లగీతతో అంచు కడతారు. పూత పలచబడితే రంగు గుడ్డలోకి పాకుతుంది, మందమైతే పటం చుట్టినప్పుడు పెచ్చులూడుతుంది. దూరంగా కూర్చున్న జనానికి బొమ్మ ఆనాలంటే ఆ ఎరుపు, ఆ నలుపు ఉండాల్సిందే. నీడకు అక్కడ పని లేదు.

పైకి రెండూ ఒకలాగే కనిపిస్తాయి గానీ, తేడా పట్టుకోవచ్చు. పారిస్ పద్ధతిలో రంగు మీద కుంచె నడిచిన జాడ తెలుస్తుంది, గీత రంగును దాటిపోతుంది. పటంలో రంగు ఎక్కడా తొణకదు, గీత దాన్ని మూసేస్తుంది. మొదటిది చిత్రకారుడి చేతిని చూపిస్తుంది, రెండోది కథను.

సిద్దిపేటలో 1925లో పుట్టిన కాపు రాజయ్య ఈ నకాషీ పద్ధతినే ఆధునిక చిత్రంలోకి తెచ్చాడు. బోనాలు, బతుకమ్మ, పల్లె పనులు గీశాడు. పి.టి. రెడ్డి దారి వేరు. మొదట పారిస్ ఒరవడిలో నడిచి, ఎన్నో శైలులు మార్చి, నడివయసు దాటాక తాంత్రిక యంత్రాల త్రికోణాలు, వృత్తాలు, బిందువుల వైపు వచ్చాడు. నా మటుకు రాజయ్య బొమ్మలో నేల వాసన ఎక్కువ, రెడ్డి బొమ్మలో పెనుగులాట ఎక్కువ. యూరప్‌తో తగవు ఎలా సాగిందో తెలుసుకోవాలంటే మాత్రం రెడ్డి బొమ్మలనే వరసగా పెట్టి చూడాలి.