వార్డు నుంచి ఆఫీసుకు ఐదేళ్లు

సుక్మా జిల్లాలోని చింతగుఫా పేరు పత్రికల్లో కనిపిస్తే అది చాలాసార్లు ఎదురుకాల్పుల వార్తే. అలాంటి చోటి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి 2024లో జాతీయ నాణ్యతా ప్రమాణాల ధ్రువపత్రం, అంటే ఎన్‌క్వాస్, దక్కింది. బస్తర్‌లో ఆసుపత్రి పాలన వైపు వెళ్లాలనుకునే స్టాఫ్ నర్సు తన ఐదేళ్ల లెక్క మొదలుపెట్టాల్సింది ఈ ఎన్‌క్వాస్ చెక్‌లిస్టు దగ్గరే. డిగ్రీ ఆ తర్వాత.

ఆ చెక్‌లిస్టులో ప్రతి అంశానికీ సున్నా, ఒకటి, రెండు మార్కులు ఉంటాయి. ధ్రువపత్రానికి ఆసుపత్రి మొత్తం మీద 70 శాతం వస్తే చాలదు, ప్రతి విభాగమూ ఆ గీత దాటాలి. ప్రసూతి గదిలో 200 అంశాలు ఉన్నాయనుకుందాం. గరిష్ఠం 400 మార్కులు. 268 వస్తే 67 శాతం, ఇంకా 12 కావాలి. ఆ పన్నెండు ఎక్కడ పోయాయో వార్డులో తిరిగే మనిషికే తెలుస్తుంది.

ఆక్సిటోసిన్‌నే తీసుకోండి. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రిజ్ మీది చార్టులో నెలంతా నాలుగే, అదీ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో ఉంటే తనిఖీకి వచ్చినవాళ్లు తలుపు తెరిచి థర్మామీటర్ చూస్తారు. రాత్రి కరెంటు పోయినప్పుడు చూసే పని ఎవరికీ అప్పగించలేదన్నది అసలు లోపం. రాత్రి డ్యూటీ మార్పిడిలో ఆ చార్టు మీద సంతకం తప్పనిసరి చేసి, మూడు నెలల అంకెలు దాచుకున్న నర్సు అప్పటికే పాలన నేర్చుకుంటున్నట్టు. మొదటి ఏడాదికి ఇలాంటి పని ఒక్కటి చాలు.

చదువు దగ్గర లెక్క జాగ్రత్తగా వేసుకోవాలి. జీఎన్ఎం డిప్లొమా మాత్రమే. ఆసుపత్రి నిర్వహణలో పీజీకి డిగ్రీ అడుగుతారు. పోస్ట్ బేసిక్ బీఎస్సీకి రెండేళ్లు, ఆ తర్వాత ఎంహెచ్ఏకి రెండేళ్లు పోతే ఐదేళ్లలో మిగిలేది ఒక్కటే. బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లు నేరుగా పీజీకి వెళ్లవచ్చు. హైదరాబాద్ నిమ్స్‌లో కూడా ఆ కోర్సు ఉంది. ఏ దారైనా, చదువు సెలవు దొరుకుతుందో లేదో మొదటి ఏడాదిలోనే అడగాలి.

చదువుతో పాటు డబ్బు సంగతీ తెలియాలి. ఆయుష్మాన్ క్లెయిమ్ ఏ కాగితం లేక వెనక్కి వచ్చిందో, ఛత్తీస్‌గఢ్‌లో రోగి కల్యాణ సమితి పాత్ర పోషించే జీవన్‌దీప్ సమితి నిధిని దేనికి వాడవచ్చో నేర్చుకోవాలి. వార్డు మనిషికి బిల్లింగ్ గదిలో కూర్చునే అవకాశం అడిగితే తప్ప రాదు.

ఐదో ఏడాదిలో అసలు చిక్కు వస్తుంది. ప్రభుత్వాసుపత్రి సూపరింటెండెంట్ కుర్చీ సాధారణంగా డాక్టర్లదే. నర్సు నిచ్చెన సిస్టర్ ఇన్‌ఛార్జి, మేట్రన్ వైపు సాగుతుంది. జాతీయ ఆరోగ్య మిషన్ కింద వచ్చే మేనేజర్ తరహా ఉద్యోగాలు ఎక్కువగా ఒప్పందపువే. పర్మినెంటు ఉద్యోగం ఉన్నవాళ్లు తమకు డెప్యుటేషన్ ఇస్తారా, రాజీనామా చేయాలా అన్నది దరఖాస్తుకు ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. డెప్యుటేషన్ రాకపోతే పాత పోస్టులోనే ఉండి ఆసుపత్రి నాణ్యతా బృందం బాధ్యత అడిగి తీసుకోవడం మేలు.