దసరాకి ఇచ్చేవి ఆగస్టులో ఇవ్వకండి

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ముగిసి సీట్లు ఖరారయ్యే రోజుల్లో మా కొత్తపట్నంలో వీధికొక ఇంట్లోనైనా హాస్టల్ పెట్టె సర్దుతుంటారు. పిల్ల చదువుకి ఊరు దాటుతోందంటే చుట్టాలు ఉత్త చేతులతో రారు. పినతల్లి టర్కీ తువ్వాళ్ళ జత తెస్తుంది, బాబాయి ఎలక్ట్రిక్ కెటిల్ తెస్తాడు, పక్కింటావిడ గోడ గడియారం తెస్తుంది. అందరూ ప్రేమతో తెచ్చినవే. వాటిలో సగం దసరా సెలవులకి అదే పెట్టెలో, అదే కవరుతో ఇంటికి తిరిగొస్తాయి.

మా అక్క కూతురికి బాపట్లలో సీటొచ్చినప్పుడు హాస్టల్ దాకా నేనే తీసుకెళ్ళాను. ఒంగోలు దాకా బస్సు, అక్కణ్ణుంచి రైలు. చీరాల దాటితే బాపట్ల. గదిలో ముగ్గురు. ఒక్కొక్కరికి ఒక ఇనుప మంచం, గోడ బీరువాలో ఒక అర, తల దగ్గర రెండు మేకులు. ముగ్గురికీ కలిపి గోడకి రెండు ప్లగ్గులు. బట్టలారేసుకోవడానికి వరండాలో తాడు, దాని మీద నాలుగు గదుల వాళ్ళ బట్టలు. మంచం కింద జానెడున్నర ఎత్తుంటుంది. పెట్టె అక్కడికి చేరాక ఇక చెప్పుల జతకి మాత్రమే చోటు. ఆ గది చూశాక కానుక గురించి నా ఆలోచన మారింది. వస్తువు మంచిదా, ఖరీదైనదా అని చూసే ముందు అది ఎక్కడ కూర్చుంటుందో చూడాలి. అర మీదా, మేకుకా, పెట్టెలోనా, తాడు మీదా? ఈ నాలుగింటిలో ఏదో ఒకటి జవాబుగా రాకపోతే ఆ వస్తువు పక్క అమ్మాయి చోటులోకి జరుగుతుంది. మొదటి నెలలో గదిలో వచ్చే మనస్పర్థలు చాలావరకు ఇలాంటి జరుగుళ్ళతోనే మొదలవుతాయి.

కెటిల్ సంగతే తీసుకోండి. హాస్టల్ గదుల్లో ఉండే మామూలు ప్లగ్గు ఆరు ఆంపియర్లది. 230 వోల్టుల మీద అది మోయగలిగింది సుమారు 1380 వాట్లు. బజారులో దొరికే కెటిళ్ళు చాలావరకు 1500 వాట్లవి. పెట్టిన పదిహేను రోజులకి సాకెట్ అంచు గోధుమరంగుకి తిరిగితే, ప్లగ్గు పీకినప్పుడు పిన్నులు చేతికి వేడిగా తగిలితే, లోపల కాలుతోందని అర్థం. అందుకే హాస్టళ్ళలో కెటిల్, ఇస్త్రీపెట్టె, హీటరు వద్దంటారు. వద్దన్నదాన్ని కానుకగా ఇస్తే పిల్ల దాన్ని పెట్టె అడుగున దాచుకుని భయపడుతూ వాడాలి. కొత్త ఊళ్ళో పిల్లకి మనం ఇవ్వాల్సింది ఆ భయం కాదు.

వెళ్ళే రోజున ఇవ్వదగ్గవి నా లెక్కలో మూడే ఉన్నాయి: పల్చటి నేత తువ్వాలు, తాళం, పొడి డబ్బా.

తువ్వాలు దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఎక్కువమంది దారి తప్పేది ఇక్కడే. దుకాణంలో టర్కీ తువ్వాలు మెత్తగా, నిండుగా, కానుకలా కనిపిస్తుంది. స్నానానికి సరిపడే సైజుది పొడిగా ఉన్నప్పుడే దాదాపు అరకిలో తూగుతుంది. ఒళ్ళు తుడుచుకున్నాక దాని పోగుల కుచ్చుల్లో నీరు దాక్కుంటుంది. ఆగస్టు ఎండలో అది ఆరుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ మన కోస్తాకి ఈశాన్య రుతుపవనాలతోనూ పెద్ద వానలొస్తాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో, సరిగ్గా పిల్లలు మొదటి సెమిస్టర్ మధ్యలో ఉన్నప్పుడు వాయుగుండాలు వరసకడతాయి. సముద్రానికి దగ్గరి ఊళ్ళో ఆ రోజుల్లో గాలే తడిగా ఉంటుంది. తాడు మీద జానెడు చోటు దొరకడం గగనం. పొద్దున తడిసిన టర్కీ తువ్వాలు మర్నాటి పొద్దుటికీ అంచుల్లో చెమ్మగానే ఉంటుంది. మూడో రోజుకి ముక్కవాసన మొదలవుతుంది. మడత విప్పి మధ్యభాగం ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలిసిపోతుంది. ఆ తర్వాత సబ్బుతో ఉతికినా, తడి తగలగానే ఆ వాసన మళ్ళీ లేస్తుంది. గదిలో ముగ్గురివీ అలాంటివే అయితే తలుపు తీయగానే తెలుస్తుంది.

చీరాల వైపు మగ్గాల మీద నేసే పల్చటి నూలు తువ్వాలు దానిలో మూడో వంతు బరువుంటుంది. పిండితే నీళ్ళు పోతాయి, ఫ్యాను కింద మంచం కడ్డీ మీద వేసినా తెల్లారేసరికి ఆరుతుంది. రెండు మడిచి పెడితే ఒక పుస్తకమంత చోటు. కొనేటప్పుడు వెలుతురికి ఎత్తి పట్టుకుని చూడండి. నేత మధ్య వెలుతురు సన్నగా, సమంగా కనిపించాలి. గట్టిగా, మెరుస్తూ ఉందంటే గంజి ఎక్కువ పెట్టారని అర్థం. అలాంటిది మొదట్లో నీళ్ళు పీల్చదు. అందుకే కొన్నది కొన్నట్టు ఇవ్వకుండా రెండుసార్లు నానబెట్టి, ఉతికి, ఆరేసి ఇవ్వాలి. కొత్త మడత పోతుంది, నిజమే. కానీ పిల్ల మొదటి రోజు స్నానం చేసి వచ్చి దానితో తుడుచుకోగలుగుతుంది.

తాళం గురించి రెండు మాటలు చాలు. పెద్ద తాళం కొంటే దాని వంపు కడ్డీ బీరువా అర గొళ్ళెం కన్నంలో దూరదు. హాస్టల్ గొళ్ళేలు సన్నవి. చిన్న ఇత్తడి తాళం, రెండు తాళంచెవులతో కొనండి. రెండో చెవిని ఆ అరలోనే పెట్టి తాళం వేసుకునే పిల్లలున్నారు. దాన్ని కాలేజీ సంచి లోపలి జిప్పులో పిన్నీసుతో గుచ్చి పంపండి.

ఇక పొడి. మన మిరప నేల పిల్లలకి హాస్టల్ సాంబారన్నం మొదటి వారంలోనే చప్పగా తోస్తుంది. ఇంట్లోవాళ్ళు జాడీ ఆవకాయ కట్టిస్తారు. దారి మధ్యలో ఎండకి నూనె పల్చబడి, బస్సు కుదుపులకి మూత మరల్లోంచి పైకి పాకుతుంది. బట్టల మీద ఆ ఎర్ర మరక ఉతికితే పోదు. గదిలో అందరి చేతులూ పడేచోట తడి చెంచా ఒక్కసారి పడితే బూజు పడుతుంది. కందిపొడికి ఈ బాధలేవీ లేవు. మా అక్క చేసే పద్ధతి ఇది: పావుకిలో కందిపప్పు, అందులో సగం శనగపప్పు సన్నటి సెగ మీద విడివిడిగా, లోపలి దాకా రంగు మారేలా వేయిస్తుంది. ఎండుమిర్చి, జీలకర్ర చివర్లో, ఉప్పు దంచేటప్పుడు. వెల్లుల్లి వెయ్యదు, ఎందుకంటే దాని చెమ్మతో పొడి తొందరగా పాడవుతుంది. వేయించినవి పూర్తిగా చల్లారాకే మిక్సీలో వేస్తుంది, మిక్సీ వేడికి వెచ్చబడిన పొడిని పళ్ళెంలో పరిచి మళ్ళీ చల్లారుస్తుంది. వెచ్చగా ఉండగానే డబ్బాలో పోస్తే మూత లోపల చెమట పట్టి, వారంలో ఉండకడుతుంది. మూత తీయగానే లోపల నీటి చుక్కలు కనిపిస్తే ఆ పొడి నిలవుండదు.

మన వైపు వేరుశనగ బాగా పండుతుందని పల్లీల పొడి కట్టించేవాళ్ళున్నారు. రుచికి దానికదే సాటి. కానీ గింజలోని నూనె వల్ల రెండు మూడు వారాలకే పాతనూనె వాసన వస్తుంది. దాన్ని కొద్దిగానే ఇవ్వాలి.

ఎంత ఇవ్వాలన్నదీ లెక్కే. ఒక్కరు పూటకో చెంచా వేసుకుంటే పావుకిలో పొడి మూడు వారాలొస్తుంది. కానీ హాస్టల్లో డబ్బా తీశాక ఒక్కరే తినరు, తినకూడదు కూడా. ముగ్గురికి అది వారం రోజుల పొడి. అందుకని మా అక్క రెండు చిన్న స్టీలు డబ్బాలు కడుతుంది: ఒకటి పంచుకోవడానికి మిరపకాయలు సగానికి తగ్గించి చేసింది, ఒకటి మామూలు కారంతో బిడ్డకి. తేజ మిరపకాయ కారం వేరే ఊళ్ళ పిల్లలు తట్టుకోలేకపోవచ్చు. ఖాళీ అయిన డబ్బా ఇంటికొచ్చి నిండి వెళ్తుంది. వచ్చి కూర్చుండిపోకుండా తిరుగుతూ ఉండే కానుక అది.

ఇక్కడ మా ఊరి మాట ఒకటి చెప్పాలి. కొత్తపట్నంలో అమ్మలకి ప్రేమంటే ఎండు రొయ్యల పొడి. కానీ దాని వాసన బీరువాలోని బట్టలకి, పక్క అరలోని బట్టలకి పట్టేస్తుంది. గదిలో శాకాహారం తినే పిల్ల ఉందో లేదో ఆగస్టులో మనకి తెలియదు. బిడ్డ ముందు తన గదివాళ్ళతో కలవాలి. వాళ్ళని అడిగి, వాళ్ళు సరేనంటే దసరా తర్వాత పంపండి. అప్పటిదాకా ఇంటికొచ్చినప్పుడు కడుపునిండా పెట్టండి.

దసరా అని ఊరికే అనడం లేదు. రెండు నెలలు గడిచాక పిల్లకి తన గది తెలుస్తుంది. మా మేనకోడలు దసరాకి వచ్చి అడిగిన రెండింటినీ ఆగస్టులో మాలో ఎవరమూ ఊహించలేదు. ఒకటి, మంచం కడ్డీకి బిగించుకునే చిన్న లైటు. “మామయ్యా, ఆ అమ్మాయి పదింటికే పడుకుంటుంది. పెద్ద లైటేస్తే పాపం నిద్ర పట్టదు. నేను వరండాలో కూచుని చదువుతున్నాను” అంది. ఆ కడ్డీ ఎంత మందమో దారంతో చుట్టి కొలుచుకుని మరీ వచ్చింది, ఎందుకంటే దుకాణంలో అమ్మే క్లిప్పులు చాలావరకు బల్ల అంచుకి పట్టేవి, గుండ్రటి కడ్డీ మీద జారిపోతాయి. ఛార్జింగుతో నడిచేదే కొన్నాం, ప్లగ్గులు రెండే కదా.

రెండోది, మంచం తలాపుకి వేలాడదీసే జేబుల సంచి. అక్క పాత జీన్సు గుడ్డతో కుట్టింది. రెండడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు, నాలుగు జేబులు, పైన కట్టుకోవడానికి మూడు నాడాలు. మొదట నీళ్ళసీసా జేబు ఒక చివర పెట్టింది. సీసా నిండుగా ఉంటే సంచంతా అటు వాలి, అవతలి జేబులోని ఫోను బయటికి జారింది. ఆ జేబుని విప్పి నడిమి నాడా కిందికి మార్చి కుట్టాక సంచి నిటారుగా నిలబడింది. కళ్ళజోడు, ఫోను, నోటుపుస్తకం, సీసా అన్నీ చేతికందే దూరంలోకి వచ్చాయి. అర మీద సగం చోటు ఖాళీ అయింది. కొన్న కానుకలన్నిటికంటే ఆ పిల్ల ఎక్కువ వాడుతున్నది ఇదే.

ఈ ఏడు మీ ఇంటి నుంచి, మీ చుట్టాల ఇంటి నుంచి ఎవరైనా హాస్టల్‌కి వెళ్తుంటే, వెళ్ళే రోజున కవరులో నూటపదహార్లో వెయ్యినూటపదహార్లో పెట్టి, వీలైనంతవరకు పది, ఇరవై రూపాయల నోట్లుగా చిల్లర ఇవ్వండి. ఆ మూడూ కాక కొనాలనుకున్న వస్తువు డబ్బు పక్కన పెట్టండి. దసరాకి వచ్చినప్పుడు కూర్చోబెట్టి, నీ గదిలో ఏది ఎక్కడ పెట్టుకుంటున్నావమ్మా అని అడగండి. ఏం కొనాలో ఆ జవాబులో మీకు దొరుకుతుంది.