ఆలూ పరాఠాలో బరువు దుంపది కాదు

ఆలూ పరాఠా అనగానే మనవాళ్లు ముందు బంగాళదుంపనే తప్పుపడతారు. పిండి మీద పిండి తిన్నట్టు ఉంటుందంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని, వంటింట్లో చిన్న త్రాసు పెట్టి ఒక్క పరాఠాను భాగాలు భాగాలుగా తూచేవరకు.

అరచేయి కన్నా కాస్త పెద్దగా వచ్చే ఆ పరాఠాకు 60 గ్రాముల గోధుమపిండి పట్టింది. దాని వాటా సుమారు 205 కేలరీలు. లోపల పెట్టిన దుంప ముద్ద 80 గ్రాములు. పిండి కన్నా బరువు ఎక్కువే అయినా, ఉడికిన దుంపలో ముప్పాతికకు పైగా నీరే కాబట్టి 70 కేలరీలకు మించలేదు. నెయ్యి ఎంత పట్టిందో తెలియాలంటే పరాఠా కాల్చకముందు ఒకసారి, కాల్చాక ఒకసారి నెయ్యి గిన్నెను తూచాలి. రెండు వైపులా కలిపి 10 గ్రాములు, అంటే 90 కేలరీలు. పైన పెట్టిన వెన్న 15 గ్రాములు, దాదాపు 108. మొత్తం 473. నెయ్యీ వెన్నా కలిపి 25 గ్రాములే, కానీ 60 గ్రాముల పిండితో దాదాపు సమానంగా నిలిచాయి. దుంప అన్నిటికన్నా వెనకబడింది.

కాబట్టి దుంప తగ్గించి ప్రయోజనం లేదు. నెయ్యి ఎంత పడుతుందన్నది మాత్రం చాలావరకు మన చేతిలో ఉంది, అదీ పరాఠాను పెనం మీద వేయకముందే తేలిపోతుంది. చిరిగిన పరాఠానే చూడండి. చిరుగులోంచి బయటికొచ్చిన దుంప పెనానికి అంటుకుంటుంది, అంటుకున్నదాన్ని లేపడానికి అంచుల చుట్టూ ఇంకో చెంచా నెయ్యి పోస్తాం. ఆ చెంచా ఎవరి లెక్కలోకీ రాదు.

చిరగకుండా ఉండాలంటే దుంప పొడిగా ఉండాలి. తొక్కతోనే ఉడికించి, నీళ్లు వంపేసి, పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి దుంపను మెదిపితే జిగటగా సాగుతుంది; చల్లారింది తురుముకు చక్కగా వస్తుంది. మెదపడం కన్నా తురమడమే నయం, ఎందుకంటే ఒక్క ఉండ మిగిలినా ఒత్తేటప్పుడు పొరను చీల్చుకుని వస్తుంది. పచ్చిమిర్చి, అల్లం, కొత్తిమీర, వాము, ఆమ్‌చూర్ ముందే కలిపి పెట్టుకోవచ్చు. ఉల్లిపాయ వేసేవాళ్లు మాత్రం సన్నగా తరిగి, ఉప్పు కలిపి, నీరు పిండేసి వేయాలి. లేదంటే పావుగంటలో ముద్ద చెమర్చి, పొర లోపలి నుంచి నానిపోతుంది.

రెండో సంగతి బొబ్బట్లు చేసేవాళ్లకు చెప్పనక్కర్లేదు. పూర్ణం ఎంత మెత్తగా ఉంటే పిండీ అంత మెత్తగా ఉండాలి. గట్టి పిండిలో మెత్తటి దుంప పెడితే కర్ర కింద దుంప ముందు కదిలి ఒక మూలకు చేరుతుంది. అందుకే చపాతీ పిండి కన్నా కొంచెం మెత్తగా కలిపి, తడిగుడ్డ కప్పి, అరగంట వదిలేయాలి. నానిన పిండి సాగుతుంది, నాననిది వెనక్కి గుంజుకుంటుంది. ఉండను చేత్తో గిన్నెలా చేసేటప్పుడు అంచులు పల్చగా, అడుగు మందంగా ఉంచాలి. అంచులన్నీ మధ్యకు చేర్చి మూసినప్పుడు అక్కడ పొరలు పోగవుతాయి కదా, మిగిలిన పిలకను తుంచేయాలి. ఆ పిలకను అలాగే వదిలేస్తే నడుమ పచ్చిపిండి ముద్దగా ఉండిపోతుంది. కర్ర పట్టుకునే ముందు వేళ్లతో వత్తి దుంపను అంచుల దాకా పంపాలి.

కాల్చడంలో నేను చాలాకాలం చేసిన పొరపాటు, పెనం మీద వేయగానే నెయ్యి పోయడం. పైన త్వరగా ఎర్రబడుతుంది, లోపలి పొర ఇంకా పచ్చిగా ఉంటుంది, దాన్ని కాల్చడానికి మళ్లీ నెయ్యి. ముందు రెండు వైపులా పొడిగానే కాల్చాలి. రంగు మారి, అక్కడక్కడా చుక్కలు పడి, పొంగు కనిపించాక వైపుకు అరచెంచా రాస్తే చాలు. రాయడానికి వెన్న కన్నా నెయ్యి మేలు. వెన్నలోని పాలపదార్థం వేడి పెనం మీద మాడి చేదెక్కుతుంది. వెన్న పరాఠా పళ్లెంలోకి వచ్చాకే. ఈ పద్ధతిలో నెయ్యి 5 గ్రాములకు దిగింది. వెన్న 10 గ్రాములు పెట్టుకుంటే మొత్తం 392. అంటే దుంప మొత్తం తీసేసినా తగ్గనంత తగ్గింది, రుచిలో ఏమీ పోకుండా.

ఢిల్లీ నుంచి ఉత్తరానికి వెళ్లే పెద్దరోడ్డు మీద, హర్యానాలోని ముర్తల్ ధాబాల్లో పరాఠాను తందూరులో కాలుస్తారు. పొయ్యి గోడకు అంటించి కాల్చే దానికి నెయ్యితో పనిలేదు. కానీ పళ్లెంలోకి రాగానే తెల్లవెన్న ముద్ద ఒకటి పైన పడుతుంది. 30 గ్రాముల ముద్దయితే అదొక్కటే 200 కేలరీలు దాటుతుంది, అంటే కింద ఉన్న పిండితో సమానం. అక్కడ నేను వెన్నను పక్కన గిన్నెలో పెట్టమంటాను. వేడి ముక్క తుంచి, అంచును ముద్దకు తాకిస్తే, కరిగినంత వెన్న ముక్కతో వస్తుంది.