కెమెరా ఎవరి ఖాతాలో ఉంది?

ఇంటికి కెమెరాలు పెట్టించుకున్నామని ఎవరైనా చెబితే నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: యాప్‌లో ఆ కెమెరాలు ఎవరి ఫోన్ నంబరు మీద ఉన్నాయి? చాలామంది తడుముకుంటారు. కొడుకు చూస్తున్నాడు, కోడలు చూస్తోంది, అల్లుడి ఫోన్లోనూ వస్తోంది అంటారు. చూడగలగడం వేరు, యజమానిగా ఉండటం వేరు. యాప్‌లో డీవీఆర్‌ని మొదట ఎవరు జతచేస్తే వాళ్లే యజమాని. మిగతా అందరూ ఆ యజమాని పంచితే చూస్తున్నవాళ్లు.

తెనాలిలో మా పెద్దమ్మ వాళ్లింట్లో నాలుగు కెమెరాలున్నాయి. గేటు దగ్గర ఒకటి, వరండాలో ఒకటి, మేడమెట్ల దగ్గర ఒకటి, హాల్లో ఒకటి. అన్నయ్య డాలస్‌లో ఉంటాడు, అక్కణ్ణుంచే రోజూ చూసుకుంటాడు. బిగించిన కుర్రాడు పనిమంతుడు. వైరు గోడ అంచు వెంట చక్కగా లాగాడు, బయటి జాయింట్లన్నీ డబ్బాల్లో పెట్టాడు, వాన నీళ్లు దిగే దారి లేదు. కానీ సెట్టింగులు తెరిచి చూస్తే యజమాని ఖాతా అతనిదే, అన్నయ్యకి షేర్ చేసి ఇచ్చాడు. పాస్‌వర్డ్ మర్చిపోతే రీసెట్ కోడ్ వెళ్లే ఈమెయిల్ కూడా అతనిదే.

పిలిచి అడిగితే దాపరికం లేకుండా చెప్పాడు. "అన్నా, ఏదైనా ప్రాబ్లం వస్తే పెద్దావిణ్ణి ఇబ్బంది పెట్టకుండా మా ఇంటి దగ్గర్నుంచే చూసి సరిచేస్తా కదా, అందుకని." అతని మాట నేను నమ్మాను. అయినా ఆ ఏర్పాటు ఉండకూడదు. అతని ఫోన్లో అలాంటి ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి. ఆ ఫోన్ పోయినా, అమ్మేసినా, అతను కొట్టు మానేసి వేరేవాళ్లు ఆ పని చూసినా అన్ని ఇళ్ల హాళ్లూ వరండాలూ వాళ్ల చేతికి వెళ్లిపోతాయి.

మార్చడానికి పెద్దగా సమయం పట్టలేదు, వరస మాత్రం ముఖ్యం. ముందు అతని ఫోన్లో డీవీఆర్‌ని డిలీట్ చేయించాం. అది జరిగితేనే కొత్త ఖాతా దాన్ని తీసుకుంటుంది, లేకపోతే ఇది వేరే ఖాతాలో ఉందంటుంది. తర్వాత అన్నయ్య ఖాతాలో డీవీఆర్ అడుగున ఉన్న క్యూఆర్ కోడ్‌తో జతచేశాం. ఆ స్టిక్కర్ ఫొటో అంతకుముందే కుటుంబం వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది, దాన్ని తీసేయించాను. ఆ తర్వాత టీవీకి డీవీఆర్ కలిపి, అక్కడే admin పాస్‌వర్డ్ మార్చాం. పాతది కొట్టు పేరు పక్కన 123. ఆ కొట్టువాళ్లు బిగించిన ఇళ్లన్నిటికీ బహుశా అదే ఉండి ఉంటుంది. రీసెట్ ఈమెయిల్ కూడా అన్నయ్యది పెట్టాం. admin అనే పేరుతో ఎవరూ రోజువారీ చూడకూడదు కాబట్టి, బొమ్మ చూడటానికీ రికార్డింగ్ వెనక్కి తిప్పడానికీ మాత్రమే అనుమతి ఉన్న ఇంకో యూజర్‌ని చేశాం. అన్నయ్య ఖాతాకి ఓటీపీ అడిగేలా పెట్టాక ఆ భాగం ముగిసింది.

అసలు ఆశ్చర్యం రౌటర్లో ఎదురైంది. అందులో రెండు పోర్టులు బయటికి తెరిచి ఉన్నాయి, 80, 37777. కొన్నేళ్ల కిందట దూరం నుంచి చూడాలంటే ఇదే పద్ధతి. ఇంటర్నెట్ నుంచి ఆ నంబరుకి వచ్చిన వాళ్లని రౌటర్ నేరుగా డీవీఆర్ దగ్గరికి పంపుతుంది. వీధివైపు కిటికీ తెరిచి, కర్టెన్‌గా పాస్‌వర్డ్ ఒక్కటే కట్టినట్టు. ఇప్పటి యాప్‌లకి ఆ కిటికీ అక్కర్లేదు. డీవీఆరే లోపల్నుంచి కంపెనీ సర్వర్‌కి కనెక్ట్ అవుతుంది, ఫోనూ అక్కడికే వెళ్తుంది, రెండూ అక్కడ కలుస్తాయి. మనం కంపెనీని నమ్మాల్సి వస్తుంది, నిజమే. కానీ దారినపోయేవాడు తలుపు తట్టే వీలుండదు.

ఆ దారినపోయేవాళ్లు మనుషులే కానక్కర్లేదు. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రామ్ ఇంటర్నెట్ అంతా తిరిగి, తెరిచి ఉన్న కెమెరాలనీ డీవీఆర్‌లనీ వెతికింది. దాని దగ్గర ఉన్న ఆయుధమల్లా ఫ్యాక్టరీ నుంచి వచ్చే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు అరవై పైచిలుకు. వాటితోనే లక్షల పరికరాలు లొంగాయి. అదే ఏడాది అక్టోబర్ 21న అలా లొంగిన పరికరాలు వెబ్‌సైట్ల చిరునామాలు చూపే డైన్ అనే కంపెనీ మీద పడితే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి అందలేదు. తమ గోడ మీది కెమెరా ఆ దాడిలో ఉందని వాటి యజమానుల్లో ఎక్కువమందికి తెలియనే తెలియదు, ఎందుకంటే బొమ్మ మామూలుగానే వస్తుంది.

మీ ఇంట్లో కిటికీ తెరిచి ఉందో లేదో చూసుకునే మార్గం ఉంది. ఇంటి వైఫైలో ఉండగా what is my ip అని వెతికితే ఒక నంబరు వస్తుంది. తర్వాత ఫోన్లో వైఫై ఆపి, మొబైల్ డేటాతో బ్రౌజర్లో ఆ నంబరు కొట్టండి. డీవీఆర్ లాగిన్ పేజీ వస్తే ప్రపంచానికంతా వస్తున్నట్టే. రాకపోయినా రౌటర్ సెట్టింగుల్లో Port Forwarding జాబితా ఒకసారి చూడాలి, ఎందుకంటే 37777 లాంటివి బ్రౌజర్‌కి కనబడవు. పక్కనే UPnP అని ఉంటుంది, అది ఆన్‌లో ఉంటే డీవీఆర్ ఎవర్నీ అడగకుండా తనే కిటికీ తెరుచుకోగలదు. రౌటర్లోనూ డీవీఆర్లోనూ దాన్ని ఆపేయాలి. పెద్దమ్మ వాళ్లింట్లో రెండు రూల్సూ తీసేశాక కూడా డాలస్‌లో బొమ్మ ఎప్పటిలాగే వచ్చింది.

డీవీఆర్ మెనూలో లాగ్ అని ఉంటుంది, అందులో ఎవరు ఏ వేళప్పుడు లాగిన్ అయ్యారో తెలుస్తుంది. అక్కడ 127.0.0.1 కనబడితే కంగారు వద్దు. యాప్ ద్వారా వచ్చినవాళ్లు కొన్ని డీవీఆర్‌లలో అలాగే నమోదవుతారు. చూడాల్సింది యూజర్ పేరు, సమయం. ఇంట్లోవాళ్లెవరూ చూడని వేళల్లో admin లాగిన్లు వరసగా ఉంటే మాత్రం అనుమానించాల్సిందే.

ఇవన్నీ అయ్యాక పెద్దమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. "నాయనా, ఆ హాల్లోది తీసేయరాదూ? వాడు చూస్తున్నాడో లేదో తెలీదు గానీ పొద్దస్తమానం పైట సర్దుకుంటూనే కూర్చుంటున్నా" అంది. అన్నయ్యకి ఫోన్ చేశాను. పడిపోతే తెలియాలి కదా అన్నాడు. అతని భయం నాకు అర్థమైంది. కానీ రోజంతా ఎవరూ తెర ముందు కూర్చోరు, పడిన క్షణంలో చూస్తారన్న హామీ లేదు. ఆమె మెడలో వేసుకునే ఎమర్జెన్సీ బటన్, పక్కింటి వాళ్ల నంబరు ఆ పని ఇంకా బాగా చేస్తాయి. 2025 ఫిబ్రవరిలో రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో మహిళల్ని పరీక్షించే గది వీడియోలు బయటికొచ్చి టెలిగ్రామ్‌లో అమ్మకానికి పెట్టారని అప్పుడు చెప్పాను. పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా, అసలు ఆ గదిలో కెమెరా ఉండటమే మొదటి తప్పు. కెమెరాకి చిక్కని బొమ్మని ఎవరూ దొంగిలించలేరు. అన్నయ్య కాసేపు మాట్లాడలేదు, తర్వాత సరేనన్నాడు. హాల్లో కెమెరా ఊడదీసి పెరటి తలుపు బయట పెట్టించాం, ఎదురింటి కిటికీ అందులో పడకుండా కోణం తిప్పించి.

మన దేశంలో 2025 ఏప్రిల్ 9 నుంచి సీసీ కెమెరాలు అమ్మాలంటే భద్రతా పరీక్షలు దాటాలన్న నిబంధన ఉంది. అది కొత్తవాటికి. ఇళ్లలో ఇప్పటికే ఉన్న పాత డీవీఆర్‌లలో చాలావాటికి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లు రావడం ఎప్పుడో ఆగిపోయింది. అలాంటిది మీ ఇంట్లో ఉంటే, మార్చే స్తోమత ఇప్పుడే లేకపోతే, వెనకవైపు నెట్ వైరు పీకేయండి. రికార్డింగ్ ఆగదు, హార్డ్ డిస్క్‌లోకి ఎక్కుతూనే ఉంటుంది, టీవీలో చూసుకోవచ్చు. దూరం నుంచి చూడటం ఒక్కటే ఆగుతుంది. ఊరికి వెళ్లే రోజుల్లో కావాలంటే వైరు మళ్లీ పెట్టుకోవచ్చు, కాకపోతే పాస్‌వర్డ్ మార్చాకే.