అడుగున x ఉంటే

ఈ వారం ఒక లెక్కతో మొదలుపెడదాం.

logₓ(x³ − x² − 5x + 6) = 2

సంవర్గమానాలు చదివిన పిల్లలు దీన్ని సగం దాకా ఆగకుండా చేసేస్తారు. లాగ్ అంటే, అడుగున ఉన్న ఆధారానికి ఏ ఘాతాంకం వేస్తే లోపలి సంఖ్య వస్తుందో ఆ ఘాతాంకం. ఇక్కడ అది 2. కాబట్టి x² = x³ − x² − 5x + 6. అన్నీ ఒకవైపు తెస్తే x³ − 2x² − 5x + 6 = 0. గుణకాల మొత్తం సున్నా, కనుక x − 1 ఒక కారణాంకం. మిగిలింది x² − x − 6, అంటే (x − 3)(x + 2). మూలాలు మూడు: 3, −2, 1.

సరిచూద్దాం. x = 3 అయితే లోపల 27 − 9 − 15 + 6, అంటే 9. అది 3 వర్గమే. x = −2 అయితే లోపల −8 − 4 + 10 + 6, అంటే 4. −2 వర్గం కూడా 4. x = 1 అయితే లోపల 1, దాని వర్గమూ 1. మూడూ సరిపోయాయి. లాగ్ లోపల ధన సంఖ్యే ఉండాలన్న షరతు కూడా మూడింటికీ నెరవేరింది. అయినా జవాబు 3 ఒక్కటే.

మిగతా రెండూ ఎందుకు పోయాయని అడిగితే, "ఆధారం సున్నా కంటే ఎక్కువ ఉండాలి, 1 కాకూడదు, అది రూలు కదా సార్" అంటారు పిల్లలు. నిజమే. కానీ ఆ ఒక్క వాక్యంలో రెండు వేర్వేరు కారణాలు ఇరికి ఉన్నాయి. −2 పోయిన కారణం ఒకటి, 1 పోయిన కారణం ఇంకొకటి. వాటిని విడదీసి చూపించందే నేను ఈ పాఠం దాటను.

ముందు −2. −2 ఆధారంగా 4కి లాగ్ 2 అంటే తప్పేమిటి? (−2)² = 4 నిజమేగా. 16కి కూడా 4 అని చెప్పగలం. ఇప్పుడు 8 సంగతి అడగండి. ఘాతాంకం 3 వేస్తే −8 వస్తుంది కానీ 8 రాదు. భిన్నాలు వేసి చూద్దామంటే మొదటి అడుగులోనే చిక్కు: ½ వేస్తే −2 వర్గమూలం కావాలి, అది వాస్తవ సంఖ్య కాదు. పోనీ ⅓ వేద్దాం. −2 ఘనమూలం ఉంది, అది ఋణ సంఖ్య. కానీ ⅓ అన్నా 2/6 అన్నా ఒకటే. −2ని ముందు వర్గం చేసి 4 తెచ్చుకుని, దానికి ఆరో మూలం తీస్తే ధన సంఖ్య వస్తుంది. ఘాతాంకం ఒకటే, విలువలు రెండు.

2ˣ గ్రాఫు గీస్తే తెగకుండా సాగే ఒక వక్రరేఖ వస్తుంది. ప్రతి ధన సంఖ్యనూ అది సరిగ్గా ఒక్కసారి తాకుతుంది కాబట్టే ఏ ధన సంఖ్యకైనా 2 ఆధారంగా ఒక లాగ్ ఉంటుంది, ఒక్కటే ఉంటుంది. (−2)ˣ కి అలాంటి గీత లేదు. పైనొక చుక్క, కిందొక చుక్క, మధ్యలో ఖాళీలు. 4కి లాగ్ ఉండి 2కి లేకపోతే, 4 లాగ్ అంటే 2 లాగ్‌ను రెండుసార్లు కలపడమే అనే సూత్రం ఎక్కడ నిలుస్తుంది? లాగ్ పుట్టిందే ఆ సూత్రం కోసం. సంకీర్ణ సంఖ్యల్లోకి వెళ్తే ఋణ ఆధారానికీ చోటు దొరుకుతుంది. కానీ అక్కడ లాగ్‌కు ఒకే విలువ ఉండదు. మన లెక్క వాస్తవ సంఖ్యల్లోది.

ఇక 1. దీనికి చుక్కల బెడద లేదు. 1కి ఏ ఘాతాంకం వేసినా తెగని గీతే వస్తుంది, కాకపోతే అది అడ్డంగా పడుకున్న గీత. దాన్ని వడ్డీ లెక్కలో చూస్తే తేలిక. నూటికి రూపాయి వడ్డీకిచ్చి, నెలనెలా వడ్డీని అసలులో కలుపుతూ పోతే డబ్బు రెట్టింపు కావడానికి సుమారు 70 నెలలు పడుతుంది. 1.01 ఆధారంగా 2కి లాగ్ అంటే ఇదే, దాదాపు 69.66. వడ్డీని నూటికి పది పైసలకు దించితే ఆధారం 1.001, నెలలు దాదాపు 693.5. వడ్డీ సున్నా చేస్తే ఆధారం 1. ఆ డబ్బు రెట్టింపయ్యేది ఎప్పుడు? ఎప్పటికీ కాదు. రూపాయి రూపాయిగా ఉండేది ఎప్పుడు? ఎప్పుడూ. అంటే 1 ఆధారంగా 2కి లాగ్ లేనే లేదు, 1కి మాత్రం ప్రతి సంఖ్యా లాగే. మన సమీకరణంలో x = 1 దగ్గర జవాబు 2 అని ఒప్పుకుంటే, 7 అన్నవాడినీ కాదనలేం.

ఆధారం 1 కంటే తక్కువైతే ఇబ్బంది లేదు. నెలకు నూటికి రూపాయి చొప్పున తరిగిపోయే సొమ్ముకు ఆధారం 0.99. అది ఇప్పటికి రెట్టింపుగా కనిపించాలంటే 69 నెలలు వెనక్కి వెళ్లాలి, కాబట్టి లాగ్ ఋణ సంఖ్య. 1కి ఒక పక్క లాగ్ అంతులేకుండా పెరుగుతుంది, ఇంకో పక్క అంతులేకుండా దిగుతుంది. సరిగ్గా 1 దగ్గర పెట్టడానికి ఏ విలువా సరిపోదు.

1748లో అచ్చయిన తన 'ఇంట్రొడక్షియో' గ్రంథంలో ఆయిలర్ లాగ్‌ను ఘాతాంకంగా నిర్వచించే ముందు ఈ పనే చేశాడు. ఆధారం 1 అయితే ఏమవుతుంది, సున్నా అయితే ఏమవుతుంది, ఋణ సంఖ్య అయితే ఏమవుతుంది అని ఒక్కొక్కటీ విడివిడిగా పరీక్షించి, ఆ తర్వాతే ధన ఆధారానికి వచ్చాడు. మన పాఠ్యపుస్తకాలు ఆ ఫలితాన్ని ఒక వరుసలో ఇచ్చి, పరీక్షను వదిలేశాయి.

పిల్లలు పొరపడేదీ అక్కడే. లాగ్‌ను ఘాతంగా మార్చిన క్షణంలో x² మిగులుతుంది. x²కి −2 అయినా 1 అయినా అభ్యంతరం లేదు. ఆధారం మీది షరతు ఆ మార్పులో జారిపోతుంది. ఘన సమీకరణంలో ఎన్నిసార్లు సరిచూసినా అది తిరిగి కనిపించదు. అందుకే బోర్డు మీద ముందు x > 0, x ≠ 1 అని రాయించి, దాని కింద గీత గీయించి, ఆ తర్వాతే లెక్క మొదలుపెట్టిస్తాను. జవాబును సరిచూడవలసింది మొదటి వరుసలో, లాగ్ ఉన్న చోట. సైంటిఫిక్ కాలిక్యులేటర్‌లో log 4 ÷ log(−2) కొట్టినా, log 1 ÷ log 1 కొట్టినా ఎర్రరే వస్తుంది. మొదటిదానిలో −2కి లాగ్ లేదు, రెండోదానిలో సున్నాను సున్నాతో భాగించమన్నాం.

రెండు కారణాలూ వేరన్నది తేల్చుకోవడానికి ఇంకో దారి ఉంది. అడుగున x తీసేసి |x| పెట్టండి. |x| వర్గం x² కాబట్టి ఘన సమీకరణం మారదు, మూలాలూ అవే మూడు. ఇప్పుడు x = −2 దగ్గర ఆధారం 2, లోపల 4, లాగ్ 2. ఇందాక కొట్టేసిన −2 ఇప్పుడు నిఖార్సైన జవాబు. 1 మాత్రం ఇప్పుడూ పనికిరాదు. −2 గుర్తు వల్ల పోయింది, గుర్తు మారిస్తే తిరిగొచ్చింది. 1కి గుర్తుతో గొడవే లేదు కాబట్టి మార్చడానికీ ఏమీ లేదు.