పొరపాటు పడని ఆ ఒక్కడు

ఈ కథకి ఇంకా పేరు ఖాయం కాలేదు. రాసింది పాలమూరు వైపు పిల్లాడు, ఇదే తొలి కథ. పత్రికకి పంపేముందు ఒకసారి చూడమని నాకిచ్చాడు. తన పేరు చెప్పకుండా కథ గురించి ఏమైనా రాసుకోవచ్చన్నాడు కాబట్టి రాస్తున్నాను. అచ్చుకి ముందే విమర్శ రాయడం కొంచెం వింతే. కానీ ఈ కథలో బాగున్నదీ బాగోలేనిదీ రెండూ మనలో చాలామందికి, ముఖ్యంగా నాలాగా కోడ్ రాసుకుని బతికేవాళ్లకి, సంబంధించినవి.

కథ చిన్నదే. సైదులుది దేవరకొండ దాటినాక ఒక పల్లె. ఇంజినీరింగ్ చదివి డాలస్‌లో ఉద్యోగానికి చేరతాడు. రెండేళ్లలో మూడు టీమ్‌లు మారతాడు. మారినప్పుడల్లా కొత్త మనుషులు. కొత్తగా పరిచయమైన ప్రతివాళ్లూ అతన్ని ఇంకెవరో అనుకుంటారు. ఒకాయన నేరుగా స్పానిష్‌లో మొదలుపెడతాడు. ఒకావిడ ఇథియోపియానా అని అడుగుతుంది. ఈజిప్టు నుంచి వచ్చిన టెస్టర్ స్క్రీన్ మీద Saidulu అన్న పేరులో మొదటి నాలుగక్షరాలు Said అని చదువుకుని సలాం చెబుతాడు. మేనేజరేమో బ్రెజిల్ అనుకుంటాడు. అందరికీ సైదులు ఒకటే జవాబు చెబుతాడు: "నో, అయామ్ ఇండియన్."

మూడో మనిషి దగ్గరికి వచ్చేసరికి నాకు విసుగొచ్చింది. ఎందుకా అని ఆలోచిస్తే చిన్నప్పుడు విన్న ఏడు చేపల కథ గుర్తొచ్చింది. అందులోనూ అడిగేది ఒకే ప్రశ్న, ఎందుకు ఎండలేదు, ఎందుకు మెయ్యలేదు అని. అయినా ఏ పిల్లలకీ విసుగురాదు. ఎందుకంటే ప్రతి జవాబూ నేరాన్ని ఇంకొకరి మీదికి నెడుతుంది. చేప నుంచి గడ్డిమేటుకి, గడ్డిమేటు నుంచి ఆవుకి, అలా అలా చీమ దాకా. ప్రశ్న మారదు, జవాబు మారుతుంది. అందుకే కథ నడుస్తుంది. ఈ కథలో తిరగబడింది. ప్రశ్నలు మారతాయి, జవాబు మారదు. మెక్సికో తీసేసి ఇరాన్ పెట్టినా, ఒక మనిషిని తగ్గించినా పెంచినా కథకి ఏమీ కాదు. ఒక సంఘటన తీసేస్తే మిగతాది కూలకపోతే అది కథలో ఇంకా ఇమడలేదనే లెక్క.

అయితే రెండోసారి చదివినప్పుడు ఇంకోటి కనపడింది. మాట ఒకటే అయినా సైదులు దాన్ని అన్నిసార్లూ ఒకేలా చెప్పడం లేదు. స్పానిష్ మాట్లాడినాయనకి నవ్వుతూ చెబుతాడు. ఇథియోపియా అన్నావిడకి చెప్పేసి బాత్‌రూమ్‌కి పోయి అద్దంలో చూసుకుంటాడు. బ్రెజిల్ అన్న మేనేజర్‌కి రెండు నిమిషాలు ఆగి మరీ చెబుతాడు, ఆ పూటంతా హుషారుగా ఉంటాడు. ఈజిప్టు టెస్టర్‌కి మాత్రం ఆయన సలాం పూర్తికాకముందే, గొంతు తగ్గించి, "ఇండియన్, హిందూ" అంటాడు. ఆ ఒక్క చోటే జవాబులో ఒక మాట ఎక్కువుంది. ఆ సాయంత్రమే ఆఫీసు డైరెక్టరీలో తన పేరు Sai అని మార్చుకుంటాడు.

రచయిత ఈ వాక్యాన్ని ఏ హడావిడీ లేకుండా రాసి ముందుకెళ్లిపోయాడు. నాకు మాత్రం కథంతా అక్కడే ఉంది. సైదులు లోపల ఒక నిచ్చెన ఉంది. కొన్ని పొరపాట్లు అతన్ని పై మెట్టుకి ఎక్కిస్తాయి, కొన్ని కిందికి దించుతాయి. ఎక్కించేవాటిని సవరించడానికి తొందరపడడు. దించేవాటికి ఉలిక్కిపడతాడు. ఈ నిచ్చెన అమెరికాలో కొన్నది కాదు, దేవరకొండలోనే పెట్టెలో సర్దుకుని వచ్చింది.

ఆ ఉలికిపాటుకి కారణం భయమే కదా అని అనొచ్చు. భయం ఉత్తిది కాదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేతలో ఇద్దరు తెలుగు ఇంజినీర్లు ఆఫీసు అయ్యాక ఒక బార్‌లో కూర్చుంటే, ఒకడు వచ్చి వాళ్ల వీసాల గురించి నిలదీసి, బయటికి పంపించేశాక తుపాకీతో తిరిగొచ్చి, నా దేశం నుంచి పొండి అని అరుస్తూ కాల్చాడు. శ్రీనివాస్ కూచిభొట్ల చనిపోయాడు. అలోక్ మాదసాని గాయాలతో బతికాడు. అడ్డుకోబోయిన ఇయాన్ గ్రిలట్ అనే అమెరికన్‌కీ తూటా తగిలింది. కాల్చినవాడు పక్క రాష్ట్రానికి పారిపోయి, అక్కడ ఇంకో చోట ఇద్దరు ఇరానీలని కాల్చానని చెప్పుకుని దొరికిపోయాడు.

అప్పుడు మన దగ్గర చాలాసార్లు విన్న మాట, పాపం ఇరానీలనుకుని పొరపాటున చంపేశాడు అని. ఆ 'పొరపాటున' అన్న మాటని పట్టుకుని చూడండి. నిజంగా ఇరానీలే అయ్యుంటే పొరపాటు కాకుండా పోయేదా? కాల్చడాన్ని వదిలేసి గురి తప్పడం గురించి బాధపడినట్టుంటుంది. సైదులు 'హిందూ' అన్న మాట కలిపి చెప్పినప్పుడు చేస్తున్నదీ అదే. నన్ను అలా చూడకు అంటున్నాడు, అలా చూడటం తప్పు అనడం లేదు.

ఈ జవాబు కొత్తదేం కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్ అక్కడి పౌరసత్వం అడిగాడు. అప్పటి చట్టం ప్రకారం తెల్లవాళ్లు, ఆఫ్రికా సంతతివాళ్లు మాత్రమే పౌరులు కావచ్చు. చట్టం తప్పని ఆయన వాదించలేదు. నేను పై కులంవాణ్ణి, ఆర్యుణ్ణి, కాబట్టి తెల్లవాణ్ణే అని వాదించాడు. 1923లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఇంకో విచిత్రం, ఆయన సిక్కు. కోర్టు కాగితాల్లో మాత్రం 'హై కాస్ట్ హిందూ'. ఆ రోజుల్లో అక్కడ ఇండియా నుంచి వచ్చినవాళ్లందరూ హిందువులే. అంటే తనని ఇంకెవరో అనుకుంటున్న వాళ్ల ముందు నిలబడి, వాళ్ల నిచ్చెన మీదే ఒక మెట్టు అడిగాడు. మన సైదులు ఆఫీసులో గొంతు తగ్గించి అడిగిందీ మెట్టే.

ఇక పేరు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, సైదులు అన్న పేరు ఎక్కడినుంచో ఊడిపడలేదు. ఒకప్పటి నల్గొండ, ఇప్పటి సూర్యాపేట జిల్లాలో జాన్‌పహాడ్ దర్గా ఉంది. అక్కడి సైదులు బాబాకి మొక్కుకునేవాళ్లలో ముస్లింలకన్నా తక్కువేం కాదు హిందువులు. మొక్కుకున్నాక పుట్టిన పిల్లలకి సైదులు, సైదమ్మ అని పెట్టుకుంటారు. సైదిరెడ్డి అన్న పేరూ అక్కడిదే. కథలో తల్లి ఫోన్‌లో "మొక్కుకుంటే పుట్టినవ్ బిడ్డా" అంటుంది, ఎవరికి మొక్కుకుందో చెప్పదు. రచయిత కూడా చెప్పడు. చెప్పుంటే ఈజిప్టు టెస్టర్ పొరపాటు సగమే పొరపాటని పాఠకుడికి తెలిసేది. ఆ పేరులో ఆయన విన్న అరబిక్ చప్పుడు నిజంగానే ఉంది. "హిందూ" అన్న జవాబు అబద్ధం కాదు, కానీ తల్లి మొక్కుని అందులోంచి తీసేశాకే అది నోట్లోంచి బయటికొచ్చింది. ఈ సంగతి నల్గొండవాళ్లకి తెలుసులే అని వదిలేశానన్నాడు రచయిత. హైదరాబాద్‌లో పెరిగిన పాఠకుడికి తెలియదు. ఒక్క వాక్యం చాలు.

కథలో నాకు బాగా నచ్చింది తండ్రి గురించిన చిన్న పేరా. ఆయన గుంపు మేస్త్రి కింద మహారాష్ట్రలో కాలువ పనికి పోయినప్పుడు అక్కడివాళ్లు మద్రాసీ అని పిలిచేవాళ్లట. కాదని చెప్పలేదా అని కొడుకు అడిగితే, "కూలి తలకాయ లెక్కన ఇస్తరు గని పేరు లెక్కన ఇయ్యరు గద" అంటాడు. వలసపోయినవాణ్ణి ఇంకెవరో అనుకోవడం సాఫ్ట్‌వేర్ వాళ్లతో మొదలవలేదని ఇంతకన్నా తక్కువ మాటల్లో చెప్పలేం. తండ్రికి సవరించే ఓపిక లేదు, అవసరమూ లేదు. కొడుక్కి సవరించడమే పనైపోయింది. ఈ తేడాని రచయిత వివరించకుండా వదిలేయడం మంచి పని.

చివరికి వద్దాం. మూడో టీమ్‌లోకి విజయవాడ నుంచి వచ్చిన లీడ్ చేరతాడు. పొరపాటు పడనివాడు అతనొక్కడే. రెండు మాటలు వినగానే "తెలంగాణ కదా, నల్గొండ వైపా?" అంటాడు. తరవాత "ఇంటిపేరేంటి?" తరవాత "ఊళ్లో మీవాళ్లు ఎక్కువుంటారా?" సైదులు కళ్లు చెమ్మగిల్లుతాయి. మొదటిసారి ఎవరో తనని తనలా గుర్తుపట్టారనుకుంటాడు. కథ అయిపోతుంది.

ఈ ముగింపుని నేను నమ్మలేకపోయాను. నమ్మనివ్వనిది కథలోని సంభాషణలే. తల్లితో "ఏం జేస్తున్నవే" అని మాట్లాడే సైదులు, లీడ్ ముందు "వస్తున్నానండి, తిన్నారా అండి" అంటున్నాడు. అమెరికన్ల ముందు పేరు మారింది, తెలుగువాడి ముందు భాషే మారింది. కథకుడు ఈ మార్పు గురించి ఒక్క ముక్క అనడు. కావాలని చేశాడా అని అడిగితే, అలా రాసినట్టు తనకే తెలియదన్నాడు. చేతికి తెలిసింది మనసుకి ఇంకా తెలియలేదన్నమాట.

పైగా ఆ మూడు ప్రశ్నలు ఏం వెతుకుతున్నాయో మనందరికీ తెలుసు. ఊరు, ఇంటిపేరు, మీవాళ్లు. మిగతావాళ్లు తప్పు గీత గీస్తే చెరిపేసుకోవచ్చు, ఇతను గీసే గీత సరిగ్గా ఉంటుంది, చెరగదు. అడిగేవాడు విజయవాడే కానక్కర్లేదు, మా నల్గొండవాడూ ఇవే అడుగుతాడు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం వివక్ష చట్టంలో కులాన్ని కూడా చేర్చిందంటే, ఈ ప్రశ్నలు మనతోపాటు విమానం ఎక్కాయని అక్కడివాళ్లకీ తెలిసినట్టే. అతన్ని ఇంకెవరో అనుకున్నవాళ్లెవరూ సైదులుకి కొలత వెయ్యలేదు. కొలత వేస్తున్నది గుర్తుపట్టినవాడే. దాన్ని ఊరట అని సైదులు అనుకోవచ్చు, కథ అనుకోకూడదు.

అందుకే నేను చెప్పింది రెండే. దర్గా గురించి ఒక వాక్యం కలుపు. కళ్లు చెమ్మగిల్లిన చివరి పేరా తీసెయ్. "ఇంటిపేరేంటి?" అన్న చోట ఆపు. అన్ని ప్రశ్నలకీ ఒకటే జవాబు చెబుతూ వచ్చినవాడికి, ఇక్కడ "అయామ్ ఇండియన్" పనికిరాదు. ఇంకేం చెప్పాలో వెతుక్కుంటాడు. ఏడు పేజీల తరవాత మొదటిసారి జవాబు మారాల్సిన చోటు అదే.